రెండు బ్యాగుల మీదా 5 డిగ్రీలే, మరి తేడా ఎక్కడ?

జనవరిలో ఆదిలాబాద్ వైపు టెంట్ వేస్తే తెల్లవారుజామున 6, 7 డిగ్రీల చలి కొత్తేం కాదు. అందుకోసం వరంగల్‌లో రెండు స్లీపింగ్ బ్యాగులు చూస్తున్నారనుకోండి. రెండింటి మీదా పెద్దక్షరాల్లో 5 డిగ్రీలే. లేబుల్ చదివితే మొదటిదానికి అది కంఫర్ట్. రెండోదానికి లిమిట్, దాని కంఫర్ట్ 10.

కంఫర్ట్ అంటే సగటు మహిళ ఒళ్లు వదిలేసి, చలి తెలియకుండా పడుకోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని, వణుకు రాకుండా ఎలాగోలా నెట్టుకురాగలిగేది. 6 డిగ్రీల్లో రెండో బ్యాగుతో ప్రమాదమేం లేదు గానీ, చలికి తట్టుకోలేనివాళ్లకు నిద్ర కష్టమే. బరువు కాస్త ఎక్కువైనా నేనైతే మొదటిదే కొంటాను.

ఈ అంకెలు తేల్చే పరీక్షలో మనిషి ఆకారపు బొమ్మకు దుస్తులు వేసి, బ్యాగు కింద మ్యాట్ పరుస్తారు. ఉత్త నేల మీద పడుకుంటే ఏ అంకెనూ నమ్మలేం.