నాలుగు బోర్లు పోయాక ఐదోది పడుతుందా? పెద్ద సంఖ్యల నియమం, జూదరి భ్రమ: ఏది నమ్మాలి?

ఒంగోలులో లెక్కలు చెప్పే నన్ను, కనిగిరి వైపు నుంచి వచ్చే బంధువులు ఏటా ఎండాకాలంలో ఒకటే ప్రశ్న అడుగుతారు. "నాలుగు బోర్లు వరుసగా పోయాయి గదా, సగటు ప్రకారం ఐదోది పడాలి గదా?" మొన్న మా మేనమామ కూడా ఇదే అడిగారు. సగటు అనే మాట పెద్ద సంఖ్యల నియమానిది, అంటే ప్రయత్నాలు పెరిగేకొద్దీ గెలుపుల శాతం అసలు అవకాశానికి దగ్గరవుతుందనే నియమానిది. "పడాలి" అనేది మాత్రం జూదరి భ్రమ, అంటే వరుసగా ఓడిపోతే ఇక గెలుపే రావాలనుకోవడం. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయి ఉండడం వల్లనే చిక్కు వస్తోంది.

పందెం ఒకటికి నూరు రూపాయల చొప్పున బొమ్మా బొరుసా ఆడుతున్నారనుకోండి. మొదటి పది పందేలూ ఓడిపోయి వెయ్యి రూపాయలు పోగొట్టుకున్నారు. ఇకపై గెలుపోటములు సమానంగా వస్తాయని లెక్కిద్దాం. నూరు పందేలు పూర్తయ్యేసరికి మీరు గెలిచేవి 45, అంటే 45 శాతం. వెయ్యి పూర్తయ్యేసరికి 495, అంటే 49.5 శాతం. పది వేలు పూర్తయ్యేసరికి 49.95 శాతం. నిష్పత్తి సగానికి చేరుతూనే ఉంది, కానీ ఈ మూడు చోట్లా మీ నష్టం అదే వెయ్యి రూపాయలు. పోయినదాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు, భాగహారంలో హారం పెరిగిందంతే. 1713లో అచ్చయిన గ్రంథంలో గణితవేత్త యాకోబ్ బెర్నూలీ నిరూపించినది నిష్పత్తి గురించిన ఈ మాటనే తప్ప, నష్టం పూడుతుందని కాదు. పైగా లెక్క ఇంత తిన్నగా నడవదు. పందేల సంఖ్య నూరు రెట్లయితే, గెలుపోటముల తేడా సాధారణంగా ఊగే పరిధి పది రెట్లవుతుంది. శాతం స్థిరపడుతుండగానే రూపాయల్లో తేడా పెరగవచ్చు.

జూదరి భ్రమ దీనికి విరుద్ధంగా, నాణేనికి పాత బాకీ గుర్తుంటుందని అనుకుంటుంది. 1913లో మాంటే కార్లో జూదశాలలో, ఎరుపు, నలుపు గడులుండే రౌలెట్ చక్రంపై నలుపు వరుసగా 26 సార్లు పడినప్పుడు, ఇక ఎరుపే రావాలని పందెం కాసినవారు పెద్ద మొత్తాలు పోగొట్టుకున్నారు. పేకాటలో తీసిన ముక్కను తిరిగి కలపనప్పుడు మాత్రం వెళ్లిపోయిన ముక్కలు మిగిలినవాటి అవకాశాన్ని నిజంగానే మారుస్తాయి, అయితే బోరు ఆ కోవలోకి రాదు.

నా దృష్టిలో అసలు విషయం మరొకటి. నాణెంలో అవకాశం సగమని ముందే తెలుసు, కానీ మన చేను ఎలాంటిదో ముందుగా తెలియదు. ఉదాహరణకు, రెండింటిలో ఒక బోరు పడే మంచి చేలు వెయ్యి, పదింటిలో ఒకటి పడే చెడ్డ చేలు వెయ్యి ఉన్నాయనుకుందాం. మొదటి బోరు వేసే ముందు, మనది ఏ రకమో తెలియనప్పుడు, నీళ్లు పడే అవకాశం 30 శాతం. ఇప్పుడు ప్రతి చేనులోనూ నాలుగేసి బోర్లు వేస్తే, నాలుగూ పోయిన చేలు మంచివాటిలో సుమారు 62, చెడ్డవాటిలో సుమారు 656 ఉంటాయి. అంటే నాలుగూ పోగొట్టుకున్న రైతు చేను చెడ్డ రకానికి చెందే అవకాశమే చాలా ఎక్కువ. ఈ 718 చేలలో ఐదో బోరు పడేవి 31, 66 కలిపి 97 మాత్రమే, అంటే 13.5 శాతం. ఐదోది తప్పక పడుతుందని మనసు చెబుతున్న సమయంలోనే, లెక్క ప్రకారం అవకాశం సగానికి పైగా పడిపోయింది. అందుకే ఇక్కడ జూదరి భ్రమ నాణెం విషయంలో కన్నా ఎక్కువ హాని చేస్తుంది.

పెద్ద సంఖ్యల నియమం ఎవరికి ఉపయోగపడుతుందని అడిగితే, ఏడాదికి వందల బోర్లు వేసే రిగ్గు యజమానికి అని చెబుతాను. ఆయన నీళ్లు పడినా పడకపోయినా అడుగుల లెక్కన కూలి తీసుకుంటారు, ఆయన అనుభవంలోని శాతాలు స్థిరంగానే ఉంటాయి. ఐదు బోర్లకు అప్పు తెచ్చిన రైతుకు ఆ దీర్ఘకాలం దక్కదు, ఆరోదానికి డబ్బు ఉండదు. నియమం, భ్రమ రెండింటిలో నేను నియమం పక్షమే, కానీ దాన్ని ఐదో బోరుకు హామీగా చూపడాన్ని ఒప్పుకోను.

ఐదో బోరు అవకాశాన్ని పెంచగలిగేది కొత్త సమాచారం ఒక్కటే. అందుకని మామ రిగ్గును పిలవక ముందే, చుట్టుపక్కల చేలలో ఏ బోరులో ఎన్ని అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయో ఇద్దరం తిరిగి రాసుకున్నాం. పదకొండు బోర్లలో రెండే పారుతున్నాయి, ఆ రెండూ వాగు పక్కన ఉన్నవే. మామ చేను వాగుకు చాలా ఎడంగా ఉంది. ఐదో బోరుకని ఉంచిన డబ్బును ఆయన పాత అప్పుకు కట్టి, ఈ ఏడు వానను నమ్ముకుని కంది వేస్తానన్నారు.