సెలూన్ బుకింగ్ సిస్టమ్: బాగా వాడాక నా రివ్యూ

విజయవాడలో మాది లేడీస్ సెలూన్ అండి, నాలుగు కుర్చీలు, రెండు ఫేషియల్ బెడ్లు, హెయిర్ వాష్ బేసిన్ మాత్రం ఒక్కటే. నెలనెలా చందా కట్టే బుకింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకుని రూల్స్ అన్నీ మేమే కూర్చుని రాసుకుని సెట్ చేయించుకున్నాం, శ్రావణమాసం రద్దీ, పెళ్ళిళ్ళ సీజన్లు అన్నీ ఇప్పుడు దాని మీదే నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్లేదు, మీరు రాసుకునే రూల్స్ బట్టే అది పనికొస్తుందా లేదా అనేది తేలుతుంది, అందుకే ఈ రివ్యూ ఎక్కువ రూల్స్ గురించే.

అన్నిటికన్నా ముందు సర్వీస్ టైమ్. చాలా వాటిలో సర్వీసుకి ఒకటే నంబర్ అడుగుతాడు, హెయిర్ కలర్ అంటే 100 నిమిషాలు అని వేసేస్తే అయిపోయిందనుకుంటాం. కానీ ఆ 100 నిమిషాలూ స్టైలిస్ట్ చేతిలో పని ఉండదు కదా. మా దగ్గర రూట్ టచప్ లెక్క చెప్తా చూడండి: 11:00కి మొదలుపెడితే 11:30 దాకా అప్లికేషన్, అక్కడినుంచి 12:05 దాకా కలర్ పట్టడానికి ఊరికే కూర్చోవడం, 12:05 నుంచి 12:40 దాకా వాష్, బ్లో డ్రై. మధ్యలో ఆ 35 నిమిషాలు కస్టమర్ కుర్చీలోనే ఉంటుంది గానీ స్టైలిస్ట్ ఖాళీ. ఒకటే బ్లాక్ అని పెడితే శనివారం సాయంత్రం సీనియర్ అమ్మాయి ఖాళీగా నిలబడుంటుంది, ఆన్‌లైన్‌లో మాత్రం స్లాట్లు లేవు అని చూపిస్తుంది. అందుకే సర్వీసుని మూడు ముక్కలు చేసుకునే సౌకర్యం ఉందా లేదా అని మొదట చూడండి, లేకపోతే కలర్ పని ఎక్కువుండే సెలూన్‌కి అది వద్దు.

ఆ 35 నిమిషాల్లో మేం వేరే కస్టమర్‌కి 20 నిమిషాల స్ట్రెయిట్ ట్రిమ్ వరకే ఇస్తాం, దాని తర్వాత కుర్చీ తుడవడానికి, దువ్వెనలు మార్చడానికి 5 నిమిషాలు, అంటే 25, ఇంకో 10 నిమిషాలు చేతిలో ఉంటాయి. 45 నిమిషాల లేయర్ కట్ అందులో పట్టదు, సిస్టమ్ కూడా పట్టించకూడదు. వాష్ కావాలంటే బేసిన్ కూడా ఖాళీ ఉండాలి, అందుకే బేసిన్‌ని కూడా ఒక మనిషిలాగే క్యాలెండర్లో పెట్టించాం, లేకపోతే 12:05కి ముగ్గురు తలలకి కలర్‌తో ఒకే బేసిన్ దగ్గర లైన్‌లో నిలబడతారు. ఇంకో ముఖ్యమైన సంగతి, బ్లీచ్ వేసే హైలైట్స్‌కీ స్మూతెనింగ్‌కీ ఇలా మధ్యలో వచ్చే ఖాళీని వేరే బుకింగ్‌కి అస్సలు తెరవకండి. బ్లీచ్ జుట్టు రంగుని ఎంత తీసిందో మాటిమాటికీ ఫాయిల్ విప్పి చూడాలి, స్మూతెనింగ్ క్రీమ్‌కి పాయ తీసి పరీక్ష చేస్తూ ఉండాలి, వేరే తల మీద చెయ్యి పెట్టి ఉంటే అక్కడ జుట్టు దెబ్బతింటుంది. జుట్టు పొడవుని బట్టి కూడా టైమ్ మారుతుంది కాబట్టి భుజం వరకు, నడుం వరకు, ఇంకా కిందకి అని మూడు రకాలుగా బుకింగ్‌లోనే అడిగిస్తున్నాం, రేటూ టైమూ రెండూ దాన్నిబట్టే మారతాయి.

స్టాఫ్ విషయానికొస్తే, ఒకే కట్ సీనియర్‌కి 35 నిమిషాలు పడితే కొత్తమ్మాయికి 50 పడుతుంది, కాబట్టి టైమ్ సర్వీసుకే కాదు, మనిషికి కూడా వేరేగా పెట్టుకునేలా ఉండాలి. తర్వాత "ఎవరైనా పర్లేదు" అనే ఆప్షన్. మా సిస్టమ్‌లో మొదట్లో అది లిస్టులో పైనున్న పేరుకే పని ఇచ్చేసేది, పై అమ్మాయికి ఊపిరాడదు, కింద అమ్మాయికి ఇన్సెంటివ్ రాదు, మధ్యాహ్నానికల్లా మాటామాటా పెరిగేది. ఆ రోజు ఎవరికి తక్కువ పని ఉందో వాళ్ళకి వెళ్ళేలా మార్పించాక ఆ గొడవ పోయింది. కస్టమర్ పలానా అమ్మాయే కావాలని పేరు ఎంచుకుంటే మాత్రం ఆ బుకింగ్ మీద గుర్తు పడాలి, ఆ అమ్మాయి సెలవు పెడితే సిస్టమ్ తనంతట తాను ఇంకొకరికి మార్చేయకూడదు, మనం ఫోన్ చేసి అడగాలి. ఐబ్రోస్ ఒకరి చేతికి అలవాటు పడ్డవాళ్ళు ఇంకొకరి ముందు కూర్చోరు, ఇది నిజంగా వాళ్ళ నమ్మకం, దాన్ని గౌరవించాలి.

అడ్వాన్స్ అందరి దగ్గరా తీసుకోవట్లేదు. థ్రెడింగ్‌కి, మామూలు కట్‌కి అడ్వాన్స్ అడిగితే పక్క వీధి పార్లర్‌కి పోతారు. గంటన్నర దాటే సర్వీసులకే 500 తీసుకుంటున్నాం, బిల్లులో తగ్గిస్తాం. ఇక్కడ పెద్ద చిక్కు యూపీఐది. స్లాట్‌ని 10 నిమిషాలు పట్టి ఉంచి ఆలోపు డబ్బు రాకపోతే వదిలేస్తుంది, బాగానే ఉంది, కానీ పేమెంట్ పెండింగ్‌లో పడి 12వ నిమిషంలో సక్సెస్ అయితే? ఈలోపు ఆ స్లాట్ ఇంకొకరు తీసుకుని ఉంటారు, ఇద్దరి దగ్గర్నుంచీ డబ్బు వచ్చింది, కుర్చీ ఒకటే. దీనికి రూల్ ముందే కావాలి: పేమెంట్ పెండింగ్‌లో ఉంటే స్లాట్ వెంటనే వదలకూడదు, కొంతసేపు చూసి వదిలేశాక డబ్బు వస్తే దానంతటదే రిఫండ్ వెళ్ళిపోవాలి, కస్టమర్‌కి మెసేజ్ కూడా వెళ్ళాలి. కొనేముందు మీరే క్యూఆర్ తెరిచి పెట్టుకుని, 10 నిమిషాలు దాటాక పే చేసి ఏమవుతుందో చూడండి, డెమోలో ఇది ఎవరూ చూపించరు. రిఫండ్ బ్యాంకులో పడటానికి కొన్ని రోజులు పట్టొచ్చు అని కూడా ఆ మెసేజ్‌లోనే ఉండాలి, లేకపోతే రిసెప్షన్‌కి ఫోన్లే ఫోన్లు.

క్యాన్సిలేషన్ మాది ఇలా ఉంది: అపాయింట్‌మెంట్‌కి 24 గంటల ముందు దాకా చెప్తే 500 మొత్తం వెనక్కి, ఆ తర్వాత చెప్తే డబ్బు వెనక్కి రాదు గానీ ఒక్కసారి ఇంకో డేట్‌కి వాడుకోవచ్చు, చెప్పకుండా రాకపోతే అడ్వాన్స్ పోయినట్టే. మేమే క్యాన్సిల్ చేస్తే ఎప్పుడైనా సరే పూర్తిగా ఇచ్చేస్తాం. 24 గంటలు అన్నది గడియారం లెక్క, "ముందు రోజు" అని రాస్తే రాత్రి పదకొండున్నరకి క్యాన్సిల్ చేసి ముందు రోజే కదా అంటారు, అదీ న్యాయమే మరి, మనం రాసింది అలా ఉంది కాబట్టి. ఇంకో సందు ఉంది, చాలామంది గమనించరు: రెండు గంటల ముందు డేట్‌ని వచ్చేవారానికి జరిపేసి, మర్నాడు హాయిగా క్యాన్సిల్ చేస్తే సిస్టమ్ కొత్త డేట్‌తో లెక్కేసి రిఫండ్ ఇచ్చేస్తుంది. 24 గంటలు అన్నది మొదట బుక్ చేసిన అపాయింట్‌మెంట్ టైమ్‌ని బట్టి లెక్కపెట్టేలా పెడితేనే ఇది మూసుకుంటుంది, మాకు సపోర్ట్ వాళ్ళ వెంటపడి చేయించుకోవాల్సి వచ్చింది. ఈ షరతులు డబ్బు కట్టే బటన్ పైనే నాలుగు లైన్లలో తెలుగులో పెట్టాం, కట్టాక పంపితే గొడవే. అలాగని హాస్పిటల్, ఇంట్లో ఎవరైనా పోవడం లాంటివైతే రిసెప్షన్‌లో చేత్తో రిఫండ్ చేసే వీలు ఉండాల్సిందే.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఫోన్లో అడిగేవాళ్ళు, నేరుగా వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువే, వాళ్ళని కూడా రిసెప్షన్ అమ్మాయి అదే క్యాలెండర్లో ఎక్కించకపోతే ఆన్‌లైన్ స్లాట్లన్నీ అబద్ధం అయిపోతాయి, సిస్టమ్‌లో వాకిన్ ఎక్కించడానికి మూడు స్క్రీన్లు దాటాలి, రద్దీలో అది చాలా ఎక్కువ. ఇంక ఒక కస్టమర్ 15 నిమిషాలు లేటుగా వస్తే మిగతా వరస అంతా జరిపే బటన్ లేదు, ఒక్కోటి లాగి పెట్టుకోవాలి. పెళ్ళికూతురి మేకప్ మాత్రం ఆన్‌లైన్‌లో అసలు పెట్టలేదు, ముహూర్తం తెల్లవారుజామున ఉంటే మా వాళ్ళు అర్ధరాత్రి దాటాక మండపానికి బయల్దేరాలి, ప్రయాణం, చీర కట్టడం, తలలో పూలు అన్నీ కలిపి మాట్లాడుకోవాలి, అది ఫోన్లోనే ఖాయం చేసుకుని వెళ్ళే అమ్మాయిల పేర్ల మీద ఆ రోజు మధ్యాహ్నం దాకా క్యాలెండర్ మూసేస్తున్నాం.