పెళ్లి ప్లానర్‌తో మొదటి మీటింగ్: మూడు ఫంక్షన్లు చేయించుకున్నాక నా సమీక్ష

విజయవాడలో ఒకే ప్లానర్ చేత మా అమ్మాయి నిశ్చితార్థం, పెళ్లి, ఆ తర్వాత మా అబ్బాయి రిసెప్షన్ చేయించుకున్నాం. పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, చిరాకు పడ్డవీ ఉన్నాయి. ఆ మూడూ సాఫీగా జరగడానికి సగం కారణం ఆయన పనితనమైతే, మిగతా సగం మొదటిసారి కూర్చున్నప్పుడు మాట్లాడుకున్న మాటలు. కాబట్టి ఈ సమీక్ష ఎక్కువగా ఆ మొదటి మీటింగ్ గురించే.

వెళ్లేముందు ఇంట్లోనే ఒక మాట అనుకున్నాం. మావారికి ఎంట్రన్సు ఘనంగా ఉండాలి, అమ్మాయికి మండపమంతా అసలు పూలతో కట్టాలి, నాకు భోజనాలు. ఈ వాదన ప్లానర్ ముందు పెట్టుకుంటే ఆయన ముగ్గురికీ మూడూ అమ్ముతాడు. అందుకే రెండు గంటలు ఇంట్లోనే పోట్లాడుకుని వరస తేల్చాం: మొదట భోజనం, తర్వాత ఫొటోలు, వీడియో, ఆ తర్వాత మండపం. ఎంట్రన్సు చివరన. వద్దనుకున్నవి కూడా రాశాం: పెళ్లికూతురు వచ్చేటప్పుడు నిప్పురవ్వలు, పొగ, స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర. ఏం కావాలో చెప్పడం కంటే ఏం వద్దో చెప్పడమే ఎక్కువ డబ్బు మిగిల్చింది. ప్యాకేజీల్లో ఇవి ఎప్పుడూ ముందే దూర్చి ఉంటాయి.

బడ్జెట్ ముందుగా చెప్పకూడదని మా తోడికోడలు గట్టిగా చెప్పింది. నేను ఒప్పుకోను. "మీరు బాగా చేయండి, చూద్దాం" అంటే ఆయన మన కారునీ, మెడలో గొలుసునీ చూసి అంకె వేసుకుంటాడు. అయితే అంకె ఒక్కటే చెబితే చాలదు, అందులో ఏమేం ఉన్నాయో, ఏమేం లేవో కూడా చెప్పాలి. మేం చెప్పింది ఇలా: "మీ చేతి మీదుగా పోయే ఖర్చు పన్నులతో సహా 14 లక్షలు. రాత్రి భోజనం, డెకరేషన్, ఫొటోలు, మేళం, లైట్లు, జనరేటర్, మీ ఫీజు ఇందులోవే. హాలు అద్దె, విడిది గదులు, పురోహితుడు, బట్టలు, బంగారం మా లెక్క." ఇంకో లక్షన్నర మా దగ్గర విడిగా ఉంది. దాని సంగతి ఆయనకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

నాలుగు రోజులకు కొటేషన్ వచ్చింది. 600 విస్తర్లు, విస్తరికి 850 చొప్పున 5 లక్షల 10 వేలు. డెకరేషన్ 4 లక్షలు, ఫొటోలు 2, మేళం, లైట్లు, జనరేటర్ కలిపి 1, ఆయన ఫీజు 1. మొత్తం 13 లక్షల 10 వేలు. మావారి మొహం వెలిగింది, ఇంకా 90 వేలు మిగిలిందని. కింద సన్న అక్షరాల్లో "పన్నులు అదనం" అని ఉంది. మిగతావాళ్లు పన్ను కలిపే చెప్పారు కానీ, డెకరేషన్, ఫీజు ఆయన బిల్లులోవి. ఆ 5 లక్షల మీద 18 శాతం జీఎస్టీ అంటే సరిగ్గా 90 వేలు. మిగిలిందనుకున్నదంతా అక్కడికే పోయింది. "పన్నులతో సహా" అన్న మాట మొదటి రోజే అని ఉండబట్టి 14 దాటలేదు.

మా ప్రశ్నల్లో అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది, "బాబూ, మీకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?" అన్నది. కొందరు ఫీజు తీసుకుంటారు, కొందరు మొత్తం ఖర్చులో శాతం, కొందరు "మా ఫీజేం లేదండి" అంటూ కేటరర్ దగ్గరా ఫొటోగ్రాఫర్ దగ్గరా కమీషన్ తీసుకుంటారు. కమీషన్ తప్పని నేను అనను, అది ఎవరి జేబులోంచి పోతోందో మనకు తెలియాలి. ఆయన కాసేపు నసిగి, కేటరర్ దగ్గర తీసుకుంటానని ఒప్పుకున్నాడు. "అయితే కేటరర్‌ని మేం తెచ్చుకుంటే?" అన్నాను. "తెచ్చుకోండి ఆంటీ, నా ఫీజు మారదు" అన్నాడు. ఆ జవాబుతోనే ఈయనతో పని చేయొచ్చనిపించింది.

విస్తర్ల లెక్క గురించి ఇంకాస్త చెప్పాలి. కేటరర్ కనీసం ఇన్నని గ్యారంటీ అడుగుతాడు. జనం తక్కువ వచ్చినా ఆ డబ్బు కట్టాలి. మేం 600 మంది వస్తారనుకుని గ్యారంటీ 520కే ఇచ్చాం, పైన వచ్చినవాటికి అదే రేటు అని రాయించాం. లెక్క మా మరిది ఒకరు, కేటరర్ మనిషి ఒకరు కలిసి పెట్టుకోవాలన్నాం. ఇంకోటి ఎవరూ ముందు చెప్పరు: ఫొటోగ్రాఫర్లు, మేళం వాళ్లు, డెకరేషన్ కుర్రాళ్లు, డ్రైవర్లు కూడా తింటారు. మా పెళ్లిలో 45 మంది దాకా అయ్యారు. 850 చొప్పున వేస్తే 38 వేలు దాటుతుంది. వాళ్లకు 250 లెక్కన వేరే భోజనం పెట్టించాం. అన్నం, పప్పు, కూర, పెరుగు, ఒక స్వీటు. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

మా ముహూర్తం అర్ధరాత్రి దాటాక. మన పెళ్లిళ్లలో ఇది మామూలే, కానీ డబ్బు ఎక్కడ పెట్టాలన్నది దీంతో మారిపోతుంది. వచ్చినవాళ్లలో చాలామంది తొమ్మిదిన్నరకే తిని, అక్షింతలు వేసి వెళ్లిపోతారు. జీలకర్ర బెల్లం వేళకు మండపం ముందు వంద మంది ఉంటే గొప్ప. మధ్యాహ్నం కట్టిన పూలు ఆ వేడి లైట్ల కింద అర్ధరాత్రికి వడిలిపోతాయి. అందుకే "పూలు ఎన్ని గంటలకు కడతారు?" అని అడిగాం. వెనకాల గుడ్డ, ఆకులు పగలే కట్టి, మండపం స్తంభాలకు పూలు సాయంత్రం ఆరు తర్వాత కడతానన్నాడు. పెళ్లిలో మాట నిలబెట్టుకున్నాడు. అబ్బాయి రిసెప్షన్‌కి మాత్రం మూడింటికే కట్టేశారు, ఫొటోల్లో చామంతులు తలలు వాల్చేసి కనిపిస్తాయి.

ఎందుకలా జరిగిందంటే, ఆ రోజు ఆయన రాలేదు. మంచి ముహూర్తం ఉన్న రోజున ఒక్కో ప్లానర్ మూడు నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకుంటాడు. మాట్లాడేది ఓనరు, వచ్చేది అసిస్టెంటు. పెళ్లికి "ఆ రోజు మీకు ఇంకెన్ని ఉన్నాయి? ముహూర్తానికి హాల్లో ఎవరుంటారు?" అని అడిగి, ఆయన పేరు ఒప్పందంలో రాయించాం. రిసెప్షన్‌కి రాయమంటే "మనలో మనకెందుకు ఆంటీ" అని నవ్వి దాటేశాడు. నా దృష్టిలో ఒక నక్షత్రం అక్కడే పోయింది.

వియ్యాలవారి సంగతీ మొదటి రోజే తేల్చుకోవాలి. వాళ్లు ప్లానర్‌కి నేరుగా ఫోన్ చేసి "విడిదిలో ఇంకో గది అలంకరించండి, టిఫిన్లు 30 పెంచండి" అంటే ఆయన కాదనడు. బిల్లు మనకు వస్తుంది. వాట్సాప్ గ్రూపులో నేను "సరే" అని రాస్తే తప్ప ఏదీ పెరగకూడదని చెప్పాం. వాళ్లకు కూడా ముందే మర్యాదగా చెప్పాం, దాంతో అపార్థాలు రాలేదు.

హాలు ముందే తీసుకుని ఉంటే దాని రసీదు, నిబంధనల కాగితం వెంట తీసుకెళ్లండి. కొన్ని హాళ్లు బయటి డెకరేటర్ వస్తే విడిగా డబ్బు అడుగుతాయి, కరెంటు మీటరు చూసి వేస్తాయి, క్లీనింగ్ అంటూ ఇంకొంత. మా లక్షన్నరలో ఎక్కువ భాగం కరిగింది వీటికే.

మొత్తానికి అయిదుకి మూడున్నర ఇస్తాను. రెండొందల మందితో గుడిలో చేసుకునే పెళ్లికైతే ప్లానర్ అక్కర్లేదు, ఆ ఫీజుతో ఇంకో కూర, ఇంకో స్వీటు వస్తాయి. అయిదారు వందలు దాటి, ఇంట్లో పరిగెత్తే మగపిల్లలు ఇద్దరు కూడా లేని మా లాంటి వాళ్లకైతే పెట్టుకోమనే చెబుతాను.