మోటారును ఫొటోలో గుర్తుపట్టడం: రాత చదవాలా, కొలవాలా, గూగుల్‌లో వెతకాలా – ఏది మేలు?

మా మేనల్లుడు సెకండ్‌హ్యాండ్‌లో ఒక అట్టపెట్టె కొన్నాడు. లోపల ఐదంగుళాల ప్రొపెల్లర్ల డ్రోన్ సామాను: నాలుగు ఎర్ర మోటార్లు, గుప్పెడు ప్రొపెల్లర్లు, ఒక ఫ్లైట్ కంట్రోలర్, అంటే డ్రోన్‌ను అదుపులో ఉంచే బోర్డు. అన్నీ టేబుల్ మీద పరిచి ఒకే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. "మామయ్యా, ఈ నాలుగు మోటార్లూ ఒకటేనా? 6ఎస్ బ్యాటరీకి పనికొస్తాయా?" అని అడిగాడు. 6ఎస్ అంటే ఆరు సెల్లులు వరుసగా కలిపిన బ్యాటరీ.

నాలుగూ ఒకే ఎరుపు, ఒకే ఆకారం. మూడింటి మీద రాత కనబడుతోంది. రెండు 2207, 1750 కేవీ. ఒకటి 2207, 2450 కేవీ. మొదటి అంకె సైజు, కేవీ అన్నది వోల్టుకు ఎంత వేగంగా తిరుగుతుందన్న లెక్క. నాలుగోది ఎప్పుడో రాయికి గీసుకున్నట్టుంది. దాని మీద మిగిలింది "07" అన్న రెండంకెలు, కాస్త పక్కన "50" మాత్రమే. ఆ నాలుగోదాని కోసం మేం మూడు దారులూ తొక్కాం.

వాడు మొదట చేసింది అందరూ చేసేదే. ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికాడు. అరడజను పేర్లతో ఎర్ర మోటార్లు వచ్చాయి. అన్నీ ఇదే అన్నట్టున్నాయి, అదే చిక్కు. ఒక కంపెనీ ఒకే మోటారును మూడు నాలుగు కేవీల్లో అమ్ముతుంది. బయటి గిన్నె, అంటే తిరిగే భాగం, అన్నిటికీ ఒకటే. లోపల రాగితీగ ఎన్ని చుట్లు చుట్టారన్నదే తేడా. పైగా ఈ కంపెనీ మోటారు పక్కన ఆ కంపెనీ మోటారు పెడితే రంగు తప్ప తేడా తెలియనివీ ఉన్నాయి. బొమ్మతో వెతికితే రంగూ ఆకారమూ కలుస్తాయి. మనకు కావలసిన రెండు సంగతులు, సైజూ కేవీ, రెండూ జారిపోతాయి. ఇది ఏ జాతి వస్తువో కూడా తెలియనివాడికి ఈ దారి పనికొస్తుంది. అది బ్రష్‌లెస్ మోటారా, సర్వోనా, జీపీఎస్ డబ్బానా అన్నది చెప్పేస్తుంది. అంతకుమించి నేను దాన్ని నమ్మను.

రాత మాటకొస్తే, మోటారు మీద నాలుగంకెల్లో మొదటి రెండు లోపలి స్టేటర్ వ్యాసం, తర్వాతి రెండు దాని ఎత్తు, మిల్లీమీటర్లలో. 2207 అంటే 22 వ్యాసం, 7 ఎత్తు. ఇవి బయట కొలిస్తే వచ్చే అంకెలు కావు. తీగ చుట్టిన ఇనుప రేకుల కట్ట కొలతలు. కొన్ని పాత విమానం మోటార్లకు మాత్రం బయటి గిన్నె కొలతే పేరుగా పెట్టారు, అందుకే ఆ కాలపు 28తో మొదలయ్యే మోటారు ఇప్పటి 22 మోటారంతే ఉండొచ్చు. కేవీ అంటే కిలోవోల్టు అనుకోకండి. లోడు లేకుండా ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క అది.

రాత చదవగలిగితే దాన్ని మించింది లేదు. కాకపోతే వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి ఆ సన్నటి అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమన్నాను. టార్చిలైటు పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు టేబుల్‌కు సమాంతరంగా పట్టమన్నాను. లేజరుతో చెక్కిన అక్షరాలు పోయినా ఒక్కోసారి వాటి నీడ మిగులుతుంది. ఈసారి మిగల్లేదు. "07" ముందు 22 ఉందో 23 ఉందో తెలియలేదు. "50" అయితే మరీ ఆశ చూపి మోసం చేసింది. ఐదంగుళాల మోటార్లలో 1750, 1950, 2450, 2550, 2750 అన్నీ ఉన్నాయి. చెరిగిపోకుండా మిగిలిన రెండంకెలూ అందరికీ ఉన్నవే!

ఇక కొలత. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపమన్నాను. వాడు ఫోను దగ్గరగా, ఒక ఆరంగుళాల ఎత్తులో పట్టుకుని తీశాడు. ల్యాప్‌టాప్‌లో ఫొటో తెరిచి, స్కేలు మీద 20 మిల్లీమీటర్లు ఎన్ని పిక్సెళ్లో చూసి, ఆ లెక్కన గిన్నె వ్యాసం కొలిస్తే 32 మిల్లీమీటర్లు వచ్చింది. 2207కు అంత ఉండదు. వేరే పెద్ద మోటారేమో అని వాడికి టెన్షన్.

తప్పు మోటారుది కాదు, ఫొటోది. స్కేలు టేబుల్ మీద పడుకుని ఉంది. మోటారు పైముఖం దానికంటే సుమారు 18 మిల్లీమీటర్లు ఎత్తున, కెమెరాకు అంత దగ్గరగా ఉంది. కెమెరా టేబుల్‌కు 150 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే స్కేలు 150 దూరంలో, గిన్నె 132 దూరంలో ఉన్నట్టు. 150ని 132తో భాగిస్తే 1.136. అంటే 28 ఉన్నది దాదాపు 32గా కనిపిస్తుంది. అదే ఫోనును ఒక మీటరు ఎత్తుకు తీసుకెళ్లి జూమ్ చేసి తీస్తే 1000ని 982తో భాగించాలి, తేడా రెండు శాతంలోపే. ఇంకా మేలైన పని ఒకటుంది. స్కేలు కింద రెండు పుస్తకాలో అగ్గిపెట్టెలో పెట్టి దాన్ని గిన్నె ముఖం ఎత్తుకు తేవడం. వాడు రెండూ చేశాడు. ఈసారి 28 వచ్చింది. 22 స్టేటర్ చుట్టూ సన్నటి ఖాళీ, అయస్కాంతాలు, గిన్నె మందం కలిపితే అంతే అవుతుంది. పక్కన రాత ఉన్న 2207ను అదే ఫొటోలో పెట్టించాను, రెండూ అచ్చంగా ఒకటే. నిజానికి స్కేలు కంటే ఇదే నమ్మకమైన కొలబద్ద: తెలిసిన వస్తువును తెలియనిదాని పక్కన, అదే ఎత్తులో నిలబెట్టడం.

తర్వాత మోటారును బోర్లించి అడుగు ఫొటో కూడా తీయించాను. కొత్తది కొన్నా ఫ్రేముకు బిగుస్తుందా లేదా అన్నది అడుగున ఉన్న నాలుగు స్క్రూ రంధ్రాలే చెబుతాయి. ఈ సైజు మోటార్లకు సాధారణంగా 16×16 అని రాస్తారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. మోటారుకు ఈ 16 ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం, అంటే కర్ణం. పక్కపక్క రంధ్రాల మధ్య కొలిస్తే 11.3 మిల్లీమీటర్లే వస్తుంది. ఫ్లైట్ కంట్రోలర్‌కు 30.5×30.5 అని రాస్తే మాత్రం అది పక్కపక్క రంధ్రాల దూరం. ఒకే తీరు రాత, రెండు అర్థాలు. మావాడు 11.3 కొలిచి "మామయ్యా, ఇది 12×12 మోటారు" అన్నాడు. ఎదురు రంధ్రం కొలవమంటే 16 వచ్చింది.

ఇలా కొలతతో సైజు తేలింది, బిగింపు తేలింది. కేవీ తేలలేదు, ఏ ఫొటోతోనూ తేలదు. గిన్నె సందుల్లోంచి తీగ చుట్లు లెక్కపెట్టొచ్చనే వాళ్లున్నారు. పైపొర కింద ఎన్ని పొరలున్నాయో ఫొటోలో కనబడదు కాబట్టి నాకు ఆ పని మీద గురి లేదు. అందుకని ఫొటో పక్కన పెట్టి డ్రిల్లు తీయమన్నాను. ప్రొపెల్లర్ బిగించే ఇరుసుకు మరలు పాడవకుండా గుడ్డ టేపు చుట్టి, దాన్ని డ్రిల్లు మూతిలో పట్టించాలి. మోటారు అడుగుభాగాన్ని గట్టిగా పట్టుకోవాలి. మూడు తీగలూ దేనికీ తగలకుండా ఉంచి, ఏవైనా రెండింటి మధ్య మల్టీమీటరుతో ఏసీ వోల్టులు చూడాలి. డ్రిల్లు ఒకే వేగంతో తిరిగితే, కేవీ ఎక్కువున్న మోటారుకు వోల్టులు తక్కువ వస్తాయి.

వాడి డ్రిల్లు పూర్తి వేగంలో 1750 మోటారుకు 0.61 వోల్టు చూపింది. గీసుకుపోయినది 0.44 చూపింది. 1750ని 0.61తో గుణించి 0.44తో భాగిస్తే 2426. అంటే అది 2450 మోటారే. రాత ఉన్న 2450ని కూడా తిప్పి చూస్తే దానికీ 0.44 దగ్గరే ఆగింది. ఈ పద్ధతిలో 2450కీ 2550కీ మధ్య తేడా పట్టుకోవడం కష్టం, డ్రిల్లు వేగం చేతి పట్టును బట్టి అంతమాత్రం ఊగుతుంది. 1750కీ 2450కీ మధ్య అయితే పొరబడే ప్రసక్తే లేదు.

ఆ తేడా ఎందుకు ముఖ్యమో చూడండి. 6ఎస్ బ్యాటరీ నిండుగా ఉంటే 25.2 వోల్టులు. 1750తో గుణిస్తే 44,100 చుట్లు, 2450తో గుణిస్తే 61,740. లోడు మీద ఇంత తిరగవు గానీ, అదే ప్రొపెల్లర్‌తో రెండోది లాగే కరెంటు ఎక్కడికో పోతుంది. మోటారు మాడుతుంది, లేదా దానికి కరెంటు అందించి నడిపే ఈఎస్‌సీ అనే సర్క్యూట్ ముందు పోతుంది. 2450 మోటార్లు 4ఎస్‌కు, 16.8 వోల్టులకు సరిపోతాయి.

ప్రొపెల్లర్లకు ఇంత కథ లేదు, అక్కడ రాతే గెలుస్తుంది. 5045 అంటే ఐదంగుళాల వ్యాసం, 4.5 అంగుళాల పిచ్, అంటే ఒక్క చుట్టుకు లెక్కప్రకారం ముందుకు జరిగే దూరం. 51466 అంటే 5.1 వ్యాసం, 4.66 పిచ్. ఈ అంకెలు చాలావరకు మధ్యలో, ఇరుసు దగ్గర ఉంటాయి, రాత ఉన్న ముఖమే పైకి రావాలి. ఫొటోలో తిరిగే దిశ గుర్తుపట్టాలంటే ఎత్తుగా, మందంగా ఉన్న అంచు చూడాలి. అది ముందుకు నడిచే వైపు. ఒక్క జాగ్రత్త: కొన్ని ఫోన్ల ముందు కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పేస్తుంది. అప్పుడు కుడి తిరుగుడు ఎడమ తిరుగుడుగా కనబడుతుంది. ఫొటోలో ఎక్కడో ఒక అక్షరం కనబడేలా తీయమనడం అందుకే.

మిగిలింది ఫ్లైట్ కంట్రోలర్. ఇక్కడ కొలత ఓడిపోతుంది, ఎందుకంటే 30.5 రంధ్రాల బోర్డులు బోలెడు. ఆకారమూ ఓడిపోతుంది. మధ్యలో ఉన్న నల్ల చిప్పు STM32F405RGT6 అయినా STM32F722RET6 అయినా అదే చదరం, అవే 64 కాళ్లు. దాని మీది సన్నటి రాతే తేడా చెబుతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, పక్క వెలుతురులో తీస్తే చాలాసార్లు చదవొచ్చు. అయితే బోర్డు బతికే ఉంటే ఫొటో బాధే అక్కర్లేదు. బ్యాటరీ తగిలించకుండా యూఎస్‌బీ వైరుతో కంప్యూటరుకు కలిపి, ఈ బోర్డుల సెట్టింగులు మార్చే బీటాఫ్లైట్ కాన్ఫిగరేటర్‌లో కమాండ్లు కొట్టే పేజీ తెరిచి ఈ ఒక్క మాట కొట్టాలి:

```
version
```

చిప్పు పేరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, బోర్డు పేరు వరుసగా చూపిస్తుంది. మావాడి బోర్డు `STM32F405` అని చెప్పింది. వాడు అప్పటికే ఫొటో చూసి ఎఫ్7, అంటే STM32F7 చిప్పున్న బోర్డు అనుకుని, దానికి సరిపడే ఫర్మ్‌వేర్ దింపుకుని కూర్చున్నాడు.

చివరికి పెట్టెలో 1750 మోటార్లు రెండు, 2450 మోటార్లు రెండు తేలాయి. ఏ బ్యాటరీకి కావాలన్నా ఇంకో రెండు కొనాల్సిందే. ఇంట్లో 6ఎస్ బ్యాటరీలే ఉన్నాయి కాబట్టి 1750వి కొన్నాడు. 2450 జంటను ఎవరికైనా అమ్మేస్తానంటున్నాడు. గీసుకుపోయినదాని మీద మార్కర్‌తో కేవీ రాసి మరీ అమ్మమన్నాను.