రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? టీమ్ బుకింగ్‌లో పేర్లు ఆలస్యంగా వస్తే ఏమవుతుందో ముందే చూసుకోండి

పరుగు పోటీయో, టోర్నమెంటో, శిక్షణ శిబిరమో పెట్టి, దానికోసం ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మేం ఏడాది చందా ఒకేసారి కట్టి ఇరుక్కున్నాం. ఎవరికి వారు నమోదు చేసుకున్నంత వరకు అది బాగానే పనిచేసింది. ఒక మనిషి టీమ్ మొత్తానికి సీట్లు తీసుకుని, పేర్లు తర్వాత పంపేసరికి అంతా తారుమారైంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే లోపం ఇంకో దాంట్లోనూ ఉండొచ్చు, కాబట్టి దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్తాను.

మాది పది కిలోమీటర్ల పరుగు. 300 మందికి మించి చోటు లేదు. ఒక ఆఫీసు టీమ్ తరఫున వాళ్ల కెప్టెన్ 24 సీట్లు బుక్ చేసి, డబ్బు మొత్తం ఒకేసారి కట్టేశారు. ఎవరెవరు వస్తారో అప్పటికి ఆమెకే తెలియదు. టీమ్ బుకింగ్ అంటే ఎక్కడైనా ఇంతే కదా, ముందు సీట్లు పట్టుకుంటారు, తర్వాత మనుషులను పోగుచేస్తారు. కానీ మేం కొన్న సాఫ్ట్‌వేర్‌లో పేరు ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు. పేరు, పుట్టిన తేదీ, మెయిల్, అత్యవసరంలో ఫోన్ చేయాల్సిన నంబరు, టీషర్టు సైజు, అన్నీ తప్పనిసరి. పక్కనే ‘అందరికీ ఇవే వివరాలు’ అని ఒక బటన్. ఆమె అది నొక్కారు. నిజానికి ఆమెకు వేరే దారి లేదు.

ఒక్క మెయిల్ దగ్గర మాత్రం సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు, ప్రతి ఒక్కరికీ వేరే అడ్రస్ ఉండాలంది. దాంతో ఆమె `team+1@example.com`, `team+2@example.com` అంటూ 24 దాకా ఇచ్చారు. చాలా మెయిల్ సర్వీసుల్లో ప్లస్ గుర్తు తర్వాత ఏమున్నా ఉత్తరం అదే ఇన్‌బాక్స్‌కి చేరుతుంది కాబట్టి అది కుదిరింది. కుదరడమే మా కొంప ముంచింది. మా జాబితాలో ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ, ఒకే ఫోన్ నంబరుతో 24 మంది చేరిపోయారు. స్క్రీన్ మీద అన్నిటికీ ‘పూర్తయింది’ అని పచ్చ గుర్తు కనిపిస్తోంది. పేర్లు ఇంకా రావాలన్న సంగతి ఎక్కడా లేదు.

మూడు వారాలకు ఆమె 19 మంది పేర్లతో ఎక్సెల్ షీట్ పంపారు, మిగతా ఐదుగురూ ఇంకా ఖాయం కాలేదన్నారు. సాఫ్ట్‌వేర్‌లో జాబితా అప్‌లోడ్ చేసే సదుపాయం ఉంది కదా అని మేం ఆ షీట్ ఎక్కించాం. మాకు తెలియనిదేమిటంటే, పాత మనిషా కొత్త మనిషా అన్నది అది మెయిల్‌ని బట్టి తేల్చుకుంటుంది. షీట్‌లో ఉన్నవి అసలు మెయిళ్లు. లోపల ఉన్నవి ప్లస్ గుర్తువి. ఒక్కటీ కలవలేదు. పాత 24 అలాగే ఉండగా 19 కొత్త పేర్లు పక్కన చేరాయి.

అప్పటికి 276 సీట్లు నిండి ఉన్నాయి. అప్‌లోడ్‌తో 295 అయ్యాయి. ఆ సాయంత్రం మరో ఐదుగురు చేరగానే ‘సీట్లు నిండాయి’ అని తలుపు మూసేసింది. లోపల నిజంగా ఉన్నది 281 మంది. తర్వాతి మూడు రోజుల్లో అడిగిన పదకొండు మందికి మేమే చోటు లేదని చెప్పి పంపేశాం. 19 సీట్లు ఖాళీగా పెట్టుకుని వాళ్లను వెనక్కి పంపామని ఇప్పటికీ బాధగా ఉంది.

సపోర్ట్‌కి ఫోన్ చేస్తే, “పాత ఎంట్రీలు డిలీట్ చేసేయండి సర్, సరిపోతుంది” అన్నారు. చేశాం. అక్కడితో ఇంకో గొడవ మొదలైంది. కట్టిన డబ్బు ఆ పాత ఎంట్రీలకే ముడిపడి ఉంది. వాటిని తీసేయగానే కెప్టెన్‌కి వరసగా 19 క్యాన్సిలేషన్ మెయిళ్లు వెళ్లాయి. కొత్త 19 ఎంట్రీల పక్కన ‘డబ్బు రాలేదు’ అని పడింది. రాత్రికి ఆటోమేటిక్ రిమైండర్లు కదిలాయి, డబ్బు కట్టకపోతే సీటు పోతుందని ఆ 19 మందికీ మెయిల్ వెళ్లింది. తెల్లారకముందే ఆమె ఫోన్. “మా వాళ్లందరూ నన్నే అడుగుతున్నారండీ, డబ్బులు ఏం చేశారని.” ఆ మాట వింటుంటే తల కొట్టేసినట్టయింది. తప్పు ఆమెది ఇసుమంత కూడా లేదు.

మిగిలిన ఐదుగురి పేర్లు పోటీకి రెండు రోజుల ముందు వాట్సాప్‌లో వచ్చాయి. వట్టి పేర్లే. ఆ హడావిడిలో మేం పేర్లు మాత్రం చేత్తో మార్చాం. పుట్టిన తేదీ, ఆడ మగ, అత్యవసర నంబరు, ఈ మూడూ కెప్టెన్‌వే ఉండిపోయాయి. దీనికి మాత్రం సాఫ్ట్‌వేర్‌ని అనను, మేం చూసుకోవాల్సింది.

ఏడో కిలోమీటరు దగ్గర ఆ ఐదుగురిలో ఒకబ్బాయి కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. మెడికల్ వాలంటీరు అతని ఛాతీ మీద ఉన్న బిబ్ నంబరు ఫోన్‌లో కొట్టి, వచ్చిన అత్యవసర నంబరుకి కాల్ చేసింది. రింగవుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆ నంబరు కెప్టెన్‌ది. ఆమె అదే రోడ్డు మీద పరిగెడుతోంది, ఆమె ఫోను బ్యాగులు దాచే కౌంటర్లో ఉంది. వయసు చూస్తే 43 అని ఉంది, ఎదురుగా కూర్చున్నవాడికి పాతికేళ్లు కూడా ఉండవు. నీళ్లు, ఉప్పు కలిపిన డ్రింకు ఇచ్చాక పావుగంటకి తేరుకున్నాడు, ఇంటి నంబరు తనే చెప్పాడు. చెప్పలేని స్థితిలో ఉంటే ఎవరికి ఫోన్ చేసేవాళ్లమో నాకు ఇప్పటికీ తెలియదు. అదే ఐదుగురిలో ఇంకో అబ్బాయికి మహిళల 40-44 విభాగంలో మూడో స్థానం ప్రకటించారు. అసలు గెలిచినావిడకి పతకం తర్వాత ఇంటికి పంపించాం.

ఇదంతా ఎందుకు జరిగిందో తర్వాత కూర్చుని చూస్తే, మూలం ఒక్కటే. ఆ సాఫ్ట్‌వేర్‌లో డబ్బు కట్టిన మనిషీ, పాల్గొనే మనిషీ ఒక్కరే అన్న లెక్కతో అంతా కట్టారు. ఉండాల్సింది మూడు వేర్వేరు అరలు. ఎవరు ఎంత కట్టారన్నది ఆర్డర్. ఆ ఆర్డర్ కింద 24 సీట్లు, ప్రతి సీటుకీ మారని ఒక నంబరు. ఆ సీట్లో కూర్చునే మనిషి మూడో అర, అది ఖాళీగా ఉండొచ్చు, నిండొచ్చు, మారొచ్చు. మనిషి మారినా సీటు మారకూడదు, సీటుకి ఏమైనా డబ్బు కదలకూడదు. ఇలా ఉంటే అప్‌లోడ్ చేసే షీట్ మెయిల్ కోసం వెతకదు, సీటు నంబరు చూసుకుని సరైన చోట పేరు నింపుతుంది:

```
order_id,seat_id,name,email
A117,A117-01,,
A117,A117-02,,
```

డెమోలో ఇది బయటపడదు. వాళ్లు ఎప్పుడూ ఒక మనిషి చక్కగా అన్నీ నింపి నమోదు చేసుకోవడమే చూపిస్తారు. అందుకే ట్రయల్ అకౌంట్ అడిగి తీసుకోండి, ఒక అరగంట కేటాయించండి. మొత్తం సీట్లు ఐదని పెట్టి, అందులో మూడు ఒకే పేరు మీద బుక్ చేయండి, మిగతా పేర్లు ఖాళీగా వదలండి. ఫారం వదలనివ్వకపోతే అక్కడే ఆగిపోవచ్చు, ఇక చూడక్కర్లేదు. వదలనిస్తే జాబితాను ఎక్సెల్‌లోకి దించి చూడండి. మూడు వరసలు, మూడు వేర్వేరు సీటు నంబర్లు, పేరు దగ్గర ఖాళీ కనిపించాలి. తర్వాత ఆ షీట్లోనే రెండు పేర్లు నింపి తిరిగి ఎక్కించండి. వరసలు మూడే ఉన్నాయా, ఐదయ్యాయా? మిగిలిన సీట్లు రెండే చూపిస్తోందా? ఆఖరికి ఒక పేరు తీసేసి ఇంకొకరిని పెట్టండి. అప్పుడు ‘డబ్బు రాలేదు’ అని పడినా, పాత మనిషికి క్యాన్సిలేషన్ మెయిల్ వెళ్లినా అది మాలాంటి సరుకే.

కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో కెప్టెన్‌కి ఒక లింక్ ఇచ్చి, టీమ్‌లో వాళ్లే తమ వివరాలు నింపుకునేలా పెడతారు. ఇది మంచి పద్ధతి. బాధ్యత పత్రానికి ఒప్పుకోలు కూడా ఎవరిది వాళ్లే ఇస్తారు, మా దాంట్లోలా ఒకే మనిషి 24 మంది తరఫున టిక్ పెట్టే పని ఉండదు. కాకపోతే ఆ లింక్ సీటుకొకటి ఉందా, టీమ్ అందరికీ ఒకటేనా అని అడగండి. ఒకటే అయితే, 24 మంది నింపాక 25వ వాడు తెరిస్తే ఏమవుతుందో పరీక్షించాలి. ‘సీట్లు అయిపోయాయి’ అని రావాలి. ఎవరో ఒకరి వివరాల మీద ఇతనివి పడితే మాత్రం ఆ లింక్ పంపకండి.

మంచి సాఫ్ట్‌వేర్ కొన్నా జనం ఆలస్యంగానే పేర్లిస్తారు. బిబ్‌లు ప్రింటుకి వెళ్లే రోజుకి వారం ముందు గడువు పెట్టి, ఆ తేదీని బుకింగ్ ఫారంలోనే రాసేయండి. గడువు దాటిన సీట్లకి పేరు లేకుండా నంబరు మాత్రమే ఉన్న బిబ్ ప్రింట్ చేయించి, వచ్చిన రోజు కౌంటర్ దగ్గర పూర్తి వివరాలు రాసిచ్చాకే చేతికివ్వండి. అత్యవసర నంబరు లేకుండా ఒక్క బిబ్ కూడా కౌంటర్ దాటనివ్వకండి.

ఇప్పటికే ఇలాంటిది కొనేసినవాళ్లు టీమ్ పేర్లు వచ్చినప్పుడు అప్‌లోడ్ బటన్ జోలికి వెళ్లొద్దు, డిలీట్ అసలే వద్దు. ముందు ఉన్న జాబితా మొత్తం దించి కాపీ పెట్టుకోండి. తర్వాత పాత ఎంట్రీ ఒక్కొక్కటి తెరిచి, అందులోనే పేరు, మెయిల్, పుట్టిన తేదీ, ఆడ మగ, అత్యవసర నంబరు మార్చండి. 24 మందికి మాకు రెండోసారి గంటన్నర పట్టింది, ఇద్దరు కూర్చున్నాం, ఒకరు చదివితే ఇంకొకరు కొట్టారు. అయ్యాక ఫోన్ నంబర్ల కాలమ్‌ని వరసలో పెట్టి చూడండి. ఒకే నంబరు రెండుసార్లు కనిపిస్తే ఇంకా ఎవరిదో మిగిలిపోయిందేమో చూడాలి.