బిట్రగుంట నుంచి నాలుగేళ్లుగా ఇంట్లోనే ఆడియో టైపింగ్ పని, లెక్కలతో సహా నా రివ్యూ

నాకు కుడి కాలు పోలియో, సర్టిఫికెట్‌లో 70 శాతం వైకల్యం అని రాశారు, కాలికి ఊతంగా క్యాలిపర్ వేసుకుని చంక కర్రతో నడుస్తా. కావలిలో ట్రంకు రోడ్డు మీద ఒక డీటీపీ షాపులో ఎనిమిదేళ్లు చేశా, పెళ్లి కార్డులు, రిజిస్ట్రేషన్ కాగితాలు, బ్యానర్లు. నెలకి 9,000 ఇచ్చేవాళ్లు. బస్సులో మాకు రాయితీ ఉండేది గానీ పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు నా మోకాలి కంటే ఎత్తు, రాయితీ ఉండి ఏం లాభం, కండక్టరు ఎక్కేదాకా ఆగే రోజులు కొన్ని, ఆగని రోజులు కొన్ని. అందుకే ఆటోల్లోనే పోయేదాన్ని, రోజుకి 80 రూపాయలు. షాపులో బాత్రూమ్ కిందికి కూర్చునేది, నాకు పనికిరాదు, దాంతో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నీళ్లు తాగకుండా ఉండేదాన్ని. ఎవురూ అడగని విషయం ఇదే, నేను షాపు మానేయడానికి అసలు కారణం కూడా ఇదే.

ఇప్పుడు నాలుగేళ్లుగా తెలుగు ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తా ఉండా. అంటే వాళ్లు ఆడియో ఫైల్ పంపిస్తారు, ఇంటర్వ్యూలు, మీటింగులు, పల్లెల్లో తిరిగి సర్వే చేసినోళ్ల రికార్డింగులు, విని మాట మాటా టైప్ చేసి ఎవరు మాట్లాడారో, ఏ నిమిషంలో మాట్లాడారో రాసి పంపాలి. కంపెనీ పేరు చెప్పను, ఫైళ్లలో ఏముందో బయట చెప్పనని సంతకం పెట్టి ఉండా.

ముందు నేను మోసపోయిన సంగతి చెప్తా, ఎందుకంటే మా లాంటోళ్లు ఇంట్లో పని అని వెతికితే ముందు తగిలేది అదే. షాపు మానేసిన కొత్తల్లో వాట్సాప్‌లో డేటా ఎంట్రీ అని వచ్చింది, రిజిస్ట్రేషన్‌కి 2,500 కట్టమన్నారు, కట్టా. ఏడు రోజుల్లో 600 పేజీలు కొట్టాలి, స్కాన్ చేసిన మసక పేజీలు, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని కొట్టి పంపితే 98 శాతం కరెక్టుగా ఉండాలి, నీది 91 వచ్చింది, అగ్రిమెంట్ ప్రకారం నువ్వే మాకు 6,800 కట్టాలి అన్నారు. రెండు రోజులకి వాట్సాప్‌లోనే లాయర్ నోటీసు, కోర్టు ముద్ర బొమ్మ వేసి. నేను ఏడ్చేసినా అమ్మకి చెప్పలా. మా అన్న ఫ్రెండు ఒకాయన కోర్టు గుమాస్తా, ఆయన చూసి నవ్వి, ఇలాంటివి నెలకి నాలుగు చూస్తా, రూపాయి కట్టబాకమ్మా, నంబరు బ్లాక్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి అన్నాడు. చేశా, 2,500 తిరిగి రాలా గానీ బెదిరింపులు ఆగిపోయినాయి. తర్వాత అర్థమయింది, ఆ పని చేయించుకోవడానికి పెట్టింది కాదు, ఫెయిల్ చేయడానికి పెట్టింది. తప్పులు లెక్కపెట్టేది వాళ్లే, ఎక్కడ తప్పో చూపించరు. అసలు పని ఇచ్చేవాళ్లు నన్ను డబ్బులు అడగలేదు, మూడు నిమిషాల ఆడియో టెస్టుకి ఇచ్చారు, ఎలా రాయాలో చెప్పే 14 పేజీల గైడ్ ఇచ్చారు, నా తప్పులకి ఎర్ర రంగు వేసి వెనక్కి పంపారు.

టెస్టు మొదటిసారి ఫెయిల్ అయ్యా, కారణం వింటే డీటీపీ వాళ్లకి నవ్వొస్తది. ఎనిమిదేళ్లు అను ఫాంట్లలో కొట్టిన చెయ్యి, స్పీడుకి షాపులో నాకు పేరు. కానీ అను ఫాంట్ యూనికోడ్ కాదు, మన దగ్గర తెలుగులా కనిపించేది ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఇంగ్లీషు గుర్తుల చెత్తలా కనిపిస్తది. నా మొదటి ఫైల్ వాళ్లకి అట్టానే పోయింది. కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర అక్కడక్కడా చెడగొడతాయి, వాటిని వెతికి సరిచేసే టైములో కొత్తగా కొట్టేయొచ్చు. విండోస్‌లోనే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నా, రెండు నెలలు పట్టింది, వేళ్లు పాత జాగాలకే పోయేవి. డీటీపీ నుంచి ఇటు వచ్చేవాళ్లు ఆ రెండు నెలలు సంపాదన లేకుండా గడుస్తుందా అని ముందే చూసుకోండి.

ఇంక డబ్బుల సంగతి. గంట ఆడియోకి 900, అంటే నిమిషానికి 15 రూపాయలు. కొత్తోళ్లు గంటకి 900 అనుకుని సంబరపడతారు, నేనూ పడ్డా. అది వాళ్లు మాట్లాడిన గంట, మనం పని చేసిన గంట కాదు. పోయిన నెల ఫైలు ఒకటి చెప్తా, 52 నిమిషాలు, ముగ్గురు రొయ్యల రైతులు, వాళ్లని అడిగే అమ్మాయి ఒకటి. టైప్ చేయడానికి ఏడు గంటలు, మళ్లీ మొత్తం విని సరిచూడ్డానికి గంటన్నర, చెక్ చేసేవాళ్లు వెనక్కి పంపితే ఇంకో గంట. మొత్తం తొమ్మిదిన్నర గంటలకి 780 రూపాయలు, గంటకి 82 పడింది. అంటే ఒక నిమిషం ఆడియోకి 11 నిమిషాల పని. ఆ వెనక్కి పంపింది ఎందుకంటే రైతు వంద కౌంటు రేటు పడిపోయింది అంటే కౌంటు అనే మాట తప్పు అని కొట్టేశారు, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు అని నేను రాసి పంపాల్సి వచ్చింది. మన వైపు మాట మనకి తెలియడం ఈ పనిలో పెద్ద బలం, కానీ దాన్ని వివరించే టైముకి ఎవురూ డబ్బులివ్వరు.

అదే ఇంకో ఫైలు 40 నిమిషాలు, ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడతారు, పైన ఫ్యాను, పక్కన ఎవరో గిన్నెలు తోముతున్నారు. పదకొండు గంటలు పట్టింది, వచ్చింది 600, గంటకి 55 కూడా లేదు. రేటు అదే, ఆడియోనే తేడా. అప్పటినుంచి ఏ ఫైలు వచ్చినా ఒప్పుకునే ముందు మొదట్లో కాకుండా మధ్యలోంచి రెండు నిమిషాలు తీసుకుని ఫోన్లో టైమర్ పెట్టి కొట్టి చూస్తా. మొదట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు పద్ధతిగానే మాట్లాడతారు, గొడవంతా మధ్యలోనే ఉంటది. ఆ రెండు నిమిషాలకి 20, 22 నిమిషాలు పడితే తీసుకుంటా, 30 దాటితే రేటు పెంచమని అడుగుతా, పెంచకపోతే వద్దంటా. మొదటి ఏడాది వద్దనడం చేతకాలేదు, పని ఆగిపోతుందేమో అని భయం. ఇప్పటిదాకా వద్దన్నందుకు నాకైతే పని ఆగలా.

షాపుతో పోలిస్తే? 9,000లో ఆటోలకి 2,080 పోతే 6,920 మిగిలేది, తొమ్మిది గంటల పని, రానుపోను రెండున్నర గంటలు, అట్టా 26 రోజులు, గంటకి 23 రూపాయలు. కాబట్టి 55 అయినా ఎక్కువే. కానీ షాపులో ప్రతి నెలా అదే జీతం, ఇక్కడ మార్చిలో 14,200 వచ్చింది, మేలో 3,100. ఏడాది మొత్తం మీద నెలకి 8,000 లెక్కన పడతది. చీటీ పాటలు, నెలనెలా కట్టే అప్పులు ఉన్నోళ్లు ఈ ఎగుడుదిగుడు చూసుకోవాలి, నేను బాగా వచ్చిన నెల సగం తీసి పక్క అకౌంట్‌లో పడేస్తా, అది కూడా రెండో ఏడు తిప్పలు పడ్డాకే.

వాళ్లు పది శాతం టీడీఎస్ కట్ చేసి వేస్తారు. మొదటి రెండేళ్లు అది పోయిన డబ్బే అనుకున్నా. మన ఆదాయం పన్ను కట్టేంత లేదు కాబట్టి రిటర్న్ ఫైల్ చేస్తే తిరిగి వస్తది, నాకు వచ్చింది. కానీ మనకి వికలాంగుల పింఛను ఉంది కదా, నాకు నెలకి 6,000 వస్తది, దాని నిబంధనల్లో ఇంటి ఆదాయం పల్లెల్లో నెలకి 10,000 దాటకూడదు, ఇంట్లో ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాళ్లు ఉండకూడదు అని ఉంది. మా రేషన్ కార్డులో నేనూ అమ్మా మాత్రమే, సగటున 8,000 కాబట్టి లోపలే ఉండాం. రిటర్న్ ఫైల్ చేయడం వేరు, పన్ను కట్టడం వేరు, అయినా రేపు ఎవరన్నా అడిగితే చూపించడానికి కట్టాల్సిన పన్ను సున్నా అని ఉన్న పేజీ ప్రింట్ తీసి పింఛను పుస్తకంలో పెట్టుకున్నా. నెలకి 14,200 వచ్చిన స్క్రీన్‌షాట్ మాత్రం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టబాకండి, నేను పెట్టి మా వీధిలో మాటలు పడ్డా.

ఒంటి సంగతి ఎవరూ రాయరు కాబట్టి కొంచెం రాస్తా. ఇంట్లోనే కదా, నడవక్కర్లేదు, సుఖం అనుకుంటారు. నాకు కర్ర పట్టే చెయ్యే కుడి చెయ్యి, నడిస్తే బరువంతా ఆ భుజం మీదే, ఇప్పుడు రోజంతా టైపింగూ అదే భుజం. రెండో ఏడు చెయ్యి పైకి ఎత్తలేకపోయా, ఫిజియో దగ్గరికి కావలికి మళ్లీ అవే ఆటోల్లో తిరిగా. పోలియో కాలు కిందికి వేలాడేసి కూర్చుంటే సాయంత్రానికి వాచి చల్లబడిపోతది, అందుకే దాన్ని ఎత్తుపీట మీద పెట్టుకుంటా. గంటన్నరకి మించి ఒకే దెబ్బకి కూర్చోను, డెడ్‌లైన్ ఉన్నా సరే. దాంతో రోజుకి ఆరు గంటలకి మించి పని జరగదు, నా 8,000 అంతకంటే పెరగకపోవడానికి అదీ కారణమే.

ఆడియో ఆపుతా టైప్ చేయడానికి నేను oTranscribe వాడతా, ఫ్రీ, బ్రౌజర్లోనే తెరుచుకుంటది, Esc నొక్కితే ఆగుతుంది, F1 వెనక్కి పోతుంది, F3 నిదానం చేస్తుంది. చెయ్యి కీబోర్డు మీదనుంచి లేవదు. కానీ రాసింది బ్రౌజర్లోనే దాచుకుంటది, మా అన్న కొడుకు ఒకరోజు సిస్టం స్లో అయిందత్తా అని బ్రౌజర్ డేటా మొత్తం క్లీన్ చేసిపెట్టాడు, ఐదు గంటల పని పోయింది. వాణ్ణి తిట్టలేక నన్ను నేను తిట్టుకున్నా. ఇప్పుడు అరగంటకోసారి వేరే ఫైల్లోకి కాపీ చేస్తా. కరెంటు పోయినా నా పాత ల్యాప్‌టాప్ గంట నిలబడతది, ఎండాకాలం మాత్రం తెల్లారి నాలుగుకే లేచి చేస్తా, మధ్యాహ్నం ఫ్యాను ఆగితే హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు.

అన్నట్టు మొదట్లో ఒక వీడియో చూసి ఈ పనికి ఆడియో ఆపడానికి కాలితో నొక్కే పెడల్ ఉంటేనే స్పీడ్ అని 2,800 పెట్టి కొన్నా. కుడి కాలితో కాదు సరే, ఎడమ కాలితో అన్నా నొక్కుదామంటే నా బరువు మోసేది ఆ కాలే, మూడు రోజులకి తుంటి పట్టేసింది. పెడల్ డబ్బాలోనే ఉంది, రెండు కాళ్లు బాగుండి చూపు తక్కువగా ఉండి ఈ పని చేసేవాళ్లు మన వైపు ఎవరన్నా ఉంటే సగానికే ఇస్తా.