స్క్రీన్‌షాట్ తర్జుమా యాప్: చాలాకాలం వాడాక నా మాట

మా చీరల కొట్టుకు సరుకంతా సూరత్ నుంచే వస్తుంది. మధ్యలో ఒక ఏజెంటు ఉంటాడు. ఆయనకు తెలుగు రాదు. నాకు హిందీ వింటే కొద్దోగొప్పో అర్థమవుతుంది గానీ చదవడం రాదు. ఏదైనా అడిగితే ఆయన మళ్లీ టైపు చేసే ఓపిక పెట్టుకోడు, మిల్లు ఆఫీసు మేడమ్‌తో తను చేసిన వాట్సాప్ చాట్‌ని స్క్రీన్‌షాట్ తీసి పంపేస్తాడు. అందుకని ఫొటోలో ఉన్న రాతను తెలుగు చేసిపెట్టే యాప్ ఒకటి నా ఫోన్‌లో రోజూ తెరవాల్సిందే. ఇన్‌స్టాల్ చేయడం, భాష ఎంచుకోవడం లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా బాధంతా ఒక్కదాని గురించే: చాట్‌లో ఎవరు ఏం అన్నారో ఇది ఎంతవరకు నిలబెడుతుంది అని.

మొదట్లో తెగ మెచ్చుకున్నాను. తెలిసినవాళ్లందరికీ చెప్పాను కూడా. ఎందుకంటే తెలుగు వేరే పేజీలో రాదు, ఫొటో మీదే, ఏ మెసేజ్ ఉన్న చోట ఆ మెసేజ్ మీదే వచ్చి కూర్చుంటుంది. ఎడమ పక్కవి మేడమ్‌వి, కుడి పక్క పచ్చవి ఏజెంటువి. కుడి పక్కవి చూసి నావే అనుకోకూడదు, స్క్రీన్‌షాట్ తీసినవాళ్లవే కుడి పక్కన ఉంటాయి. అదొక్కటి గుర్తుంచుకుంటే చాలనుకున్నాను.

దసరా సరుకప్పుడు తెలిసింది, చాలదని.

పార్సిల్ బయల్దేరిందా అని అడిగితే ఎప్పటిలాగే స్క్రీన్‌షాట్ వచ్చింది. ఎడమ పక్క, అంటే మేడమ్ మెసేజ్ మీద, యాప్ వేసిన తెలుగు ఇది: ‘బకాయి క్లియర్ అయ్యే వరకు సరుకు ఆపండి. ఓహ్ లేదు, అది పాత పార్టీ, పంపించండి.’ పార్టీ అంటే మేమే, సరుకు కొనేవాళ్లు. మా ఆయన మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. ‘చూశావా, ఇన్నాళ్లు నమ్మకంగా కడితే ఇదా మర్యాద?’ అని అప్పటికప్పుడు ఏజెంటుకు ఫోన్ చేసి నాలుగు మాటలు అనేశారు. ఆయన అక్కడ నెత్తి కొట్టుకుంటున్నాడు, మాల్ నిన్ననే ట్రాన్స్‌పోర్టులో వేశాం, ట్రాన్స్‌పోర్టు రసీదు, అదే బిల్టీ, కూడా తీసుకున్నాం, ఇప్పుడీ గొడవేంటి అని.

కొట్లో పనిచేసే అమ్మాయికి హిందీ చదవడం వచ్చు. అసలు స్క్రీన్‌షాట్ చూపిస్తే చదివి, ‘అక్కా, ఆపమని మేడమ్ అనలేదు. ఆపమంటారా అని ఏజెంటే అడిగాడు. ఆమె పంపెయ్యమంది’ అని తేల్చేసింది.

జరిగిందేమిటంటే, మేడమ్ ఆ మెసేజ్‌ని రిప్లై నొక్కి పెట్టింది. అలా పెడితే అవతలివాళ్ల పాత మెసేజ్ చిన్న డబ్బాలో పైన కనబడుతుంది కదా, పక్కన సన్నటి రంగు గీతతో, పైన పేరుతో. స్క్రీన్‌షాట్ తీసినవాళ్ల మెసేజే అయితే పేరు బదులు ‘You’ అని ఉంటుంది. ఆ డబ్బాలో ఏజెంటు అడిగిన ‘బకాయా క్లియర్ హోనే తక్ మాల్ రోక్ దూఁ?’ ఉంది, అంటే బకాయి తీరేవరకు ఆపమంటారా అని. దాని కింద ‘అరే నహీఁ, పురానీ పార్టీ హై, భేజ్ దో’ అని ఆమె జవాబు. యాప్‌కి డబ్బా లేదు, గీత లేదు, అంతా ఒకే మెసేజ్. ఆ ‘You’ వేరే ముక్కగా ఎక్కడో మూలన పడింది. పైగా డబ్బాలో అక్షరాలు చిన్నవి, బూడిద రంగువి. హిందీలో ‘దూఁ’కి మాత్ర కింద ఉంటుంది, ‘దో’కి పైన. అంత చిన్న అక్షరంలో మొదటిదాన్ని రెండోదిగా చదివినట్టుంది. ‘ఆపమంటారా’ కాస్తా ‘ఆపండి’ అయింది. అడిగినవాడి ప్రశ్న జవాబు చెప్పినామె నోట ఆజ్ఞగా దిగింది. తర్జుమాలో తప్పు ఉందంటే సరే అనుకుంటాం, మనిషి మారిపోతే ఎలా పట్టుకుంటాం?

అప్పటి నుంచి గుర్తుగా ఒకటి పెట్టుకున్నాను. ఒకే మెసేజ్‌లో ఒకదానికొకటి పొసగని రెండు మాటలు కనిపిస్తే, లోపల రిప్లై డబ్బా ఉందేమోనని అసలు ఫొటో చూస్తాను. డబ్బా ఉంటే ఫోన్‌లోని ఎడిట్ పెన్నుతో దాన్ని పూర్తిగా నలుపు చేసి, ఆ కాపీని యాప్‌కిస్తాను. డబ్బాలోది మాత్రం వేరుగా క్రాప్ చేసి, పెద్దది చేసి మళ్లీ ఇస్తాను. కాస్త చాకిరీయే, కానీ మాటలు కలిసిపోవు.

రెండో ఇబ్బంది స్వరం. ‘అరే నహీఁ’ అంటే మన ‘అబ్బే, అదేం లేదు’. యాప్ ‘ఓహ్ లేదు’ అంటుంది, ఏదో ముంచుకొచ్చినట్టు. ‘భయ్యా’ అంటే ‘సోదరా’ అని పెడుతుంది, మీటింగులో మైకు పట్టుకున్నట్టు. ఆప్, తుమ్, తూ మూడూ ఎక్కువగా ‘మీరు’ అయిపోతాయి. ఏజెంటు ప్యాకింగ్ కుర్రాడిని కసిరిన చాట్ కూడా పెళ్లిపిలుపంత మర్యాదగా వచ్చింది. చివర పెట్టే దణ్ణం బొమ్మలు కొన్నిసార్లు తెలుగు అచ్చు కింద పడి కనబడవు. దాన్ని పెట్టారంటే ఇక మాట ముగిసిందని అర్థం, అదే పోతే మెసేజ్ కటువుగా మిగులుతుంది.

గ్రూపు స్క్రీన్‌షాట్లయితే ఇంకో చిక్కు. ఒకే మనిషి వరసగా పెట్టిన మెసేజ్‌లలో పేరు మొదటిదాని మీదే ఉంటుంది. మధ్యలోంచి క్రాప్ చేసి పంపితే అది ఎవరిదో తెలీదు. హిందీలో అయితే ‘భేజ్ దూఁగీ’ అంటే ఆడమనిషి, ‘దూఁగా’ అంటే మగమనిషి, అంతమాత్రమైనా ఆధారం ఉంటుంది. తెలుగులోకి వస్తే ఇద్దరిదీ ‘పంపుతాను’. దీనికి యాప్‌ని అనలేను, మన భాషే అంత. ‘బోల్ దియా హై’ అన్నదానికి మాత్రం ‘నేను చెప్పాను’ అని రాసేస్తుంది. ఎవరు చెప్పారో ఆ హిందీలోనే లేదు, ఇది సొంతంగా ఒక మనిషిని తెచ్చిపెడుతుంది.

ఫొటో మీద కాకుండా రాతంతా కాపీ చేసి తర్జుమా చేసే పద్ధతి కూడా ఉంది. చాట్‌కి అది అసలు వద్దు. కుడి ఎడమలు పోయి అంతా ఒకే పేరాగా వస్తుంది, మధ్యలో టైము అంకెలు, రెండు టిక్కుల చోట పిచ్చి అక్షరాలు. దానికన్నా ఏజెంటునే బతిమాలుకోవడం నయం: వాట్సాప్‌లో నాలుగైదు మెసేజ్‌లు కలిపి సెలెక్ట్ చేసి కాపీ కొడితే ప్రతిదాని ముందు తేదీ, టైము, పేరు వాటంతటవే వస్తాయి. అది అతికించి పంపితే ఎవరిదేదో గొడవే లేదు. రిప్లై దేనికిచ్చారో మాత్రం అందులో కనబడదు. మా ఏజెంటు మూడ్ బాగుంటే అలా పంపుతాడు, లేకపోతే మళ్లీ స్క్రీన్‌షాటే.

తీసేశానా అంటే తీసేయలేదు. డిజైన్ నంబర్లు, రేట్లు, పార్సిల్ ఎప్పుడొస్తుందో తెలుసుకోవడానికి ఇద్దరే మాట్లాడుకున్న మామూలు చాట్ అయితే ఇది నాకు సరిపోతోంది. నాకు పక్కనే హిందీ చదివే అమ్మాయి ఉంది కాబట్టి సరిపోతోందేమో కూడా. అలాంటివాళ్లు ఎవరూ లేకుండా దీన్నే నమ్ముకుని లక్షల సరుకు తెప్పించేవాళ్లకు ఈ యాప్ వాడమనో వద్దనో నేను చెప్పలేను. బాకీ మాట, మాట పట్టింపు ఉన్న స్క్రీన్‌షాట్ వస్తే మా ఆయన కంటే ముందు ఆ అమ్మాయికి చూపిస్తున్నాను.